వెండర్ దగ్గర పని ఆగితే స్టీరింగ్ కమిటీకి ఏం రాయాలి? ఒక మెయిల్ వెనుక లెక్క

“వెండర్ నుంచి మూడు వారాలుగా సరైన స్పందన లేదు. పలుమార్లు గుర్తు చేశాం. మా పని పూర్తిగా ఆగిపోయింది. దయచేసి జోక్యం చేసుకోగలరు.”

2025 సెప్టెంబర్ 1 సాయంత్రం మాదాపూర్‌లోని మా ఆఫీసులో కూర్చుని నేను రాసుకున్న చిత్తుప్రతి ఇది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని పంపి ఉంటే ఏం జరిగేదో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. మా ప్రాజెక్టు మీద పెద్ద నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కమిటీలో ఒకరు, మాకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వాల్సిన వెండర్ సంస్థలో తమకు తెలిసిన పెద్దమనిషికి ఫోన్ చేసేవారు. ఆయన క్షమాపణ చెప్పి కొత్త తేదీ ఇచ్చేవారు. “మాట్లాడాం, వచ్చే వారం ఇస్తామన్నారు” అని మాకు జవాబు వచ్చేది. ఆ వారం గడిచేలోపే మా చేతిలో మిగిలిన ఒకే ఒక్క మంచి దారి మూసుకుపోయేది. ఆ దారికి గడువు ఉందన్న సంగతి చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. నిజానికి ఆ సాయంత్రానికి నాకే తెలియదు.

సంగతి అర్థం కావాలంటే ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. మాది ద్విచక్ర వాహనాలకు అప్పులిచ్చే సంస్థ. దాదాపు 40 వేల మంది ఖాతాదారుల నుంచి ప్రతి నెలా 5వ తేదీన వాయిదా సొమ్ము వారి బ్యాంకు ఖాతాల నుంచి నేరుగా మాకు జమవుతుంది. దేశంలో బ్యాంకుల మధ్య చెల్లింపుల వ్యవస్థలను చూసే ఎన్‌పీసీఐ నడిపే నాచ్ అనే వ్యవస్థ ద్వారా ఇది జరుగుతుంది. ఖాతాదారు ఒకసారి అనుమతి పత్రం ఇస్తే, మా తరఫున ఒక స్పాన్సర్ బ్యాంకు నెలనెలా ఆ సొమ్మును అడుగుతుంది. బ్యాంకుకూ మాకూ మధ్య ఈ పనిని చూసే సాఫ్ట్‌వేర్ పాతబడింది. దాని ఒప్పందం అక్టోబర్ 31తో ముగుస్తుంది. దాని స్థానంలో కొత్త వెండర్ సాఫ్ట్‌వేర్ రావాలి. మేం పరీక్షించుకోవడానికి వాళ్లు ఆగస్టు 11 నాటికి టెస్టింగ్ వాతావరణాన్ని సిద్ధం చేసి ఇవ్వాలి. సెప్టెంబర్ వచ్చినా అది రాలేదు.

చిత్తుప్రతిని అలాగే ఉంచి, మర్నాడు ఉదయం మొదట చేసిన పని ఎవరు ఎవరి కోసం ఆగారో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతూ ఆ గొలుసును చివరిదాకా పట్టుకుపోవడం. ఎస్కలేషన్‌లో, అంటే సమస్యను పైవాళ్ల దాకా తీసుకెళ్లడంలో, ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇదే అని నా నమ్మకం. వెండర్ మనకిచ్చే కారణం సాధారణంగా మొదటి కారణమే, చివరిది కాదు. వెండర్ అకౌంట్ మేనేజర్‌ను “మీరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?” అని అడిగాను. “టెస్టింగ్ వాతావరణం ఇవ్వాలంటే మీ బ్యాంకు నుంచి అనుమతి రావాలండి” అన్నారు. బ్యాంకులో మా వ్యవహారాలు చూసే అధికారికి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిన జవాబుతో నా చిత్తుప్రతి పనికిరాకుండా పోయింది.

“ఆ అనుమతి కోసం మీ దరఖాస్తు మాకు ఆగస్టు 13న అందింది సార్. 21న వెనక్కి పంపించాం. సంతకం చేసిన వారి పేరు మీ బోర్డు తీర్మానంలో లేదు.”

జూలైలో మా ఫైనాన్స్ అధిపతి మారారు. కొత్తవారు సంతకం చేశారు, కానీ బ్యాంకు దగ్గర ఉన్న తీర్మానంలో పాతవారి పేరే ఉంది. బ్యాంకు పంపిన మెయిల్ ఆ పాత అధికారి చిరునామాకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. మావాళ్లు దాన్ని గుర్తించింది సెప్టెంబర్ 1న. అంటే ఆలస్యంలో రెండు ముక్కలున్నాయి. జూలై 25కల్లా బ్యాంకుకు ఇవ్వాల్సిన దరఖాస్తును వెండర్ ఆగస్టు 13న ఇచ్చారు. అది వాళ్ల తప్పు. ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 1 దాకా పోయిన రోజులు మావి. “వెండర్ నుంచి స్పందన లేదు” అని నేను కమిటీకి రాసి ఉంటే, వాళ్లు పిలిచిన మొదటి సమావేశంలోనే వెండర్ ఈ రెండో ముక్కను బల్ల మీద పెట్టేవారు. అక్కడితో చర్చ ఎవరి తప్పు అన్న వైపు మళ్లేది, నిర్ణయం వెనక్కి పోయేది.

కొత్త తీర్మానం మీద డైరెక్టర్ల సంతకాలు సెప్టెంబర్ 8కి పూర్తవుతాయని మా కంపెనీ సెక్రటరీ చెప్పారు. సరిచేసిన దరఖాస్తు అందాక తమకు పది పనిదినాలు పడుతుందని బ్యాంకు చెప్పింది. 9 నుంచి లెక్కపెడితే పదో పనిదినం సెప్టెంబర్ 22. వెండర్ మాత్రం 15కే ఇచ్చేస్తామని గట్టిగా చెబుతున్నారు.

ఇక్కడి నుంచి లెక్క వెనక్కి నడవాలి. మా పరీక్షలకు 30 పనిదినాలు కావాలి. పరీక్షలయ్యాక కొత్త వ్యవస్థకు మారడానికి మరో 5 పనిదినాలు కావాలి. హైదరాబాద్ క్యాలెండర్‌లో అక్టోబర్ 2న దసరా, 20న దీపావళి. వాటిని తీసేసి లెక్కపెడితే, వెండర్ చెప్పినట్లే సెప్టెంబర్ 15న వాతావరణం అందినా పరీక్షలు అక్టోబర్ 28న ముగుస్తాయి. నెలాఖరుకు మిగిలేవి మూడు రోజులు, కావలసినవి ఐదు. బ్యాంకు చెప్పినట్లు 22న అందితే పరీక్షలు ముగిసేది నవంబర్ 4న. పాత ఒప్పందం అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మర్నాడే వాయిదా రోజు.

ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు పెద్ద ఊరట కలిగింది. వెండర్ మాట నమ్మాలా, బ్యాంకు మాట నమ్మాలా అన్న వాదనే అనవసరమైపోయింది. వెండర్ తన మాట నిలబెట్టుకున్నా మనం అందుకోలేం. అలాంటప్పుడు కమిటీకి వెండర్ మీద ఫిర్యాదు చేయనక్కర్లేదు, వాళ్లను నమ్మొద్దని ఒప్పించనక్కర్లేదు. ఎవరి తేదీ తీసుకున్నా నిర్ణయం ఒకటే అని చూపిస్తే చాలు. మీ లెక్కలో ఇలా తేలకపోతే, అంటే వెండర్ తేదీ నిజమైతే గట్టెక్కే పరిస్థితి ఉంటే, అప్పుడు ఆ తేదీని ఎంతవరకు నమ్మవచ్చన్నదే మెయిల్‌లో ప్రధాన విషయం అవుతుంది. గతంలో వాళ్లిచ్చిన తేదీలు, నిజంగా ఇచ్చిన తేదీలు రెండు వరుసల్లో చూపించాలి. మాకు ఆ అవసరం రాలేదు.

ఇక అసలు గడువు. పాత సాఫ్ట్‌వేర్ ఒప్పందాన్ని పొడిగించుకోవచ్చు, కానీ ముగింపుకు 45 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలన్న షరతు ఉంది. అక్టోబర్ 31 నుంచి 45 రోజులు వెనక్కి వెళితే సెప్టెంబర్ 16. ఆ ఉత్తరం మీద కొనుగోళ్ల విభాగం, ఫైనాన్స్, లీగల్ సంతకాలు పడటానికి మా సంస్థలో ఐదు పనిదినాలు పడుతుంది. కాబట్టి కమిటీ నిర్ణయం సెప్టెంబర్ 9 ఉదయానికి రావాలి. కమిటీ నెలకొకసారి, చివరి గురువారం కూర్చుంటుంది. తర్వాతి సమావేశం సెప్టెంబర్ 25న. మామూలుగా సమావేశం ఎజెండాలో పెట్టిస్తే ఆ విషయం చర్చకు వచ్చేసరికి పొడిగింపు దారి మూసుకుపోయి తొమ్మిది రోజులవుతుంది. అది చాలనట్టు 5న మిలాద్ ఉన్ నబీ, 6న గణేశ్ నిమజ్జనం. 3వ తేదీ బుధవారం మెయిల్ పంపితే కమిటీ సభ్యులకు ఆఫీసులో దొరికే రోజులు బుధ, గురు, సోమవారాలే.

కాంట్రాక్టు కాగితం తెరిచి చూడకపోతే ఈ సెప్టెంబర్ 9 అన్న తేదీ నాకు తెలిసేది కాదు. చాలామంది టీమ్ లీడ్‌లకు ఒప్పందం కాపీ చూసే అవకాశం ఉండదు, అది కొనుగోళ్ల విభాగంలో ఉంటుంది. అడిగితే ఇస్తారు. పూర్తి ఒప్పందం అక్కర్లేదు, ముగింపు, పొడిగింపు, ఆలస్యానికి పరిహారం ఉన్న మూడు పేజీలు చాలు.

కమిటీ ముందు పెట్టాల్సిన దారులు మూడు కనిపించాయి. పాత ఒప్పందాన్ని పొడిగించడం ఒకటి. కనీసం మూడు నెలలు పొడిగించాలి, నెలకు 6 లక్షల చొప్పున 18 లక్షల రూపాయలు. రెండోది, నవంబర్ వాయిదాకు మధ్యలో సాఫ్ట్‌వేర్ లేకుండా మా సిబ్బందే బ్యాంకు పోర్టల్‌లో ఫైళ్లు ఎక్కించడం. ఇది చవక, కానీ ప్రమాదకరం. ఒకే ఫైలు పొరపాటున రెండుసార్లు ఎక్కితే ఖాతాదారు సొమ్ము రెండుసార్లు పోతుంది. ఖాతాలో అంత డబ్బు లేకపోతే వారి బ్యాంకు వారికే జరిమానా వేస్తుంది. మూడోది, ఏమీ చేయకుండా వెండర్ తేదీ మీద ఆధారపడటం. దీన్ని కూడా ఒక దారిగానే రాయాలి. నిర్ణయం తీసుకోకపోతే కమిటీ ఎంచుకున్నది దీన్నే అన్న సంగతి రాతలో కనిపించాలి. కొత్త వ్యవస్థ సిద్ధంగా లేక నవంబర్ 5న వాయిదాలు వసూలు కాకపోతే, తమ తప్పు లేకుండానే 40 వేల మంది మా పుస్తకాల్లో బకాయిదారులవుతారు. ఆ రోజు కార్తీక పౌర్ణమి, బ్యాంకులకు సెలవు కదా అని కొందరు అన్నారు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది, కాబట్టి వాయిదా తేదీ ఒక్కరోజు కూడా మారదు.

చివరికి పంపిన మెయిల్ ఇదీ. ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే రాశాం, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> విషయం: సెప్టెంబర్ 9 ఉదయం 11 లోపు నిర్ణయం కావాలి: పాత వసూళ్ల సాఫ్ట్‌వేర్ మూడు నెలల పొడిగింపు (₹18 లక్షలు)
>
> కమిటీ సభ్యులకు నమస్కారం.
>
> పాత వసూళ్ల సాఫ్ట్‌వేర్ ఒప్పందాన్ని అక్టోబర్ 31 తర్వాత మూడు నెలలు పొడిగించడానికి అనుమతి కోరుతున్నాను. ఖర్చు ₹18 లక్షలు. ఇది ప్రాజెక్టు బడ్జెట్‌లో లేదు, ఆమోదించే అధికారం నాకు గానీ మా విభాగాధిపతికి గానీ లేదు. పొడిగింపు నోటీసు సెప్టెంబర్ 16 నాటికి అందాలి, అంతర్గత సంతకాలకు ఐదు పనిదినాలు పడుతుంది. 25న జరిగే సమావేశం దాకా ఆగితే ఈ అవకాశం ఉండదు.
>
> ఆగస్టు 11న రావాల్సిన టెస్టింగ్ వాతావరణం ఇంకా అందలేదు. వెండర్ సెప్టెంబర్ 15 అంటున్నారు, బ్యాంకు లెక్క ప్రకారం సెప్టెంబర్ 22. మొదటిదే నిజమైనా పరీక్షలు అక్టోబర్ 28న ముగుస్తాయి, మార్పిడికి కావలసిన ఐదు పనిదినాలు మిగలవు.
>
> కారణాలు రెండు. బ్యాంకుకు దరఖాస్తు ఇవ్వడంలో వెండర్ జూలై 25 నుంచి ఆగస్టు 13 దాకా ఆలస్యం చేశారు. బ్యాంకు ఆగస్టు 21న వెనక్కి పంపిన దరఖాస్తును మన వైపు సెప్టెంబర్ 1 దాకా గమనించలేదు. కొత్త బోర్డు తీర్మానం 8న పూర్తవుతుంది.
>
> ఇతర మార్గాలు: నవంబర్ వాయిదా ఫైళ్లను మన సిబ్బందే బ్యాంకు పోర్టల్‌లో ఎక్కించడం. అదనపు ఖర్చు దాదాపు లేదు, కానీ ఖాతాదారుల నుంచి రెండుసార్లు వసూలయ్యే ప్రమాదం ఉంది. లేదా ఏ మార్పూ లేకుండా కొనసాగడం. అప్పుడు నవంబర్ 5 వాయిదాలు వసూలు కాకపోవచ్చు. ఈ రెండింటినీ నేను సూచించడం లేదు.
>
> 9వ తేదీ లోపు నిర్ణయం అందకపోతే పొడిగింపు లేనట్టుగా భావించి, పోర్టల్ పద్ధతికి సిబ్బందిని సిద్ధం చేయడం 10న మొదలుపెడతాను.
>
> లెక్కలు, ఒప్పందంలోని సంబంధిత పేజీలు జతచేశాను. 8న రోజంతా ఫోనులో అందుబాటులో ఉంటాను.

విషయం వరుసలోనే తేదీ, కోరేది, డబ్బు మూడూ ఉండటం యాదృచ్ఛికం కాదు. కమిటీ సభ్యుల్లో సగం మంది దీన్ని ఫోనులో, రెండు సమావేశాల మధ్య చూస్తారు. తెరవకుండానే వారికి అర్థం కావలసింది అదే. మొదట నేను “ముఖ్య గమనిక: వెండర్ ఆలస్యం” అని పెట్టాను. అలాంటి మెయిళ్లు వాళ్లకు రోజుకు పది వస్తాయి.

మన వైపు జరిగిన తప్పు రాసిన వాక్యం గురించి మా విభాగంలో కొంత వాదన జరిగింది. ఫైనాన్స్ వాళ్లకు ముందుగా చెప్పకుండా రాస్తే అది వాళ్ల మీద దెబ్బ తీసినట్టు అవుతుంది. కాబట్టి మెయిల్ పంపే ముందు వారి అధిపతిని కలిసి ఆ వాక్యం చూపించాను. “ఎవరి పేరూ లేదు కదా, రాయండి” అన్నారు. అలాగే వెండర్ అకౌంట్ మేనేజర్‌కూ ముందే ఫోన్ చేసి, విషయం కమిటీకి వెళుతోందని, మీ ఆలస్యం తేదీలు ఇవీ అని చదివి వినిపించాను. ఆయన ఒక తేదీ సరిచేశారు. చిరాకు పడ్డారు, కానీ తర్వాత ఎవరూ ఆ తేదీలను కాదనలేదు. కమిటీ అధ్యక్షురాలికి కూడా ముందు రోజే రెండు నిమిషాలు ఫోనులో చెప్పాను. ఇంత పెద్ద మొత్తం అడిగే మెయిల్‌ను ఆమె అందరితో పాటు అప్పుడే మొదటిసారి చూడకూడదు.

“అందకపోతే ఇలా చేస్తాను” అన్న వాక్యాన్ని కొందరు బెదిరింపుగా చదువుతారని నాకు భయం ఉండేది. అది బెదిరింపు కాకుండా ఉండాలంటే రెండు షరతులు. చెప్పిన పని నా అధికారంలోనే ఉండాలి, నిజంగా చేయగలిగి ఉండాలి. సిబ్బందికి శిక్షణ మొదలుపెట్టడం నా పరిధిలోని పని. “ప్రాజెక్టు ఆపేస్తాను” అని రాసి ఉంటే రెండూ తప్పేవి.

ఇంకొక విషయం ఎక్కువ మందికి తెలియదు, కానీ డబ్బుతో ముడిపడి ఉంది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 55 ప్రకారం, గడువే ప్రధానంగా ఉన్న ఒప్పందంలో అవతలివారు గడువు తప్పాక మనం ఆలస్యంగా ఇచ్చినదాన్ని అంగీకరిస్తే, ఆ ఆలస్యానికి పరిహారం అడగలేం. అంగీకరించే సమయంలోనే పరిహారం అడిగే ఉద్దేశం ఉందని వారికి తెలియజేసి ఉంటేనే అడగగలం. టీమ్ లీడ్‌లు రోజూ వెండర్‌కు రాసే “సరే అండీ, 22న ఇవ్వండి, ఇబ్బంది లేదు” అన్న వాక్యం ఇక్కడ అడ్డు పడుతుంది. నేను కూడా ఆగస్టులో అలాంటిది ఒకటి రాశాను. కమిటీ మెయిల్ సిద్ధమవుతున్నప్పుడు మా లీగల్ మేడమ్ అది చూసి ఆగిపోయారు. ఆ తర్వాత కొత్త తేదీ గురించి నేను వెండర్‌కు రాసిన ప్రతి మెయిల్‌లోనూ “మీరు తెలిపిన తేదీని నమోదు చేసుకున్నాం, ఒప్పందం ప్రకారం మా హక్కులు అలాగే ఉన్నాయి” అన్న వాక్యాన్ని ఆమె రాయించారు. విడిగా నోటీసు ఆమే పంపారు. కమిటీకి రాసే మెయిల్, వెండర్‌కు వెళ్లే నోటీసు రెండు వేర్వేరు కాగితాలు. మొదటిది వివాదంలో వెండర్ చేతికి వెళ్లినా ఇబ్బంది కలగని భాషలో ఉండాలి. అందుకే అందులో తేదీలు మాత్రమే ఉన్నాయి, “నిర్లక్ష్యం” వంటి మాటలు లేవు.

గురువారం మధ్యాహ్నానికి ఒక సభ్యుడి నుంచి జవాబు వచ్చింది: “వెండర్ సీఈఓతో మాట్లాడతాను, 25న చర్చిద్దాం.” ఇలాంటి జవాబును సమ్మతి అనుకుని ఊరుకుంటేనే చాలా ఎస్కలేషన్లు చచ్చిపోతాయి. అది నిర్ణయం కాదు. అందులో మంచి ఉద్దేశం ఉంది, కానీ అది మూడో దారిని ఎంచుకుంటోంది. అందరికీ వెళ్లేలా తిరిగి రాశాను: “సార్, మీరు మాట్లాడటం వల్ల టెస్టింగ్ వాతావరణం త్వరగా రావచ్చు, అది మాకు చాలా అవసరం. అయితే 15నే వచ్చినా అక్టోబర్ 31 అందుకోలేం. పొడిగింపు మీద నిర్ణయం 25 దాకా ఆగితే ఆ అవకాశం ఉండదు కాబట్టి దాన్ని 9 లోపు విడిగా తేల్చమని కోరుతున్నాను.” జతచేసిన తేదీల లెక్కనే మళ్లీ అతికించాను, కొత్త వాదన ఏమీ చేర్చలేదు.

సోమవారం, 8వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు అధ్యక్షురాలు పావుగంట ఫోన్ సమావేశం పెట్టారు. వచ్చిన ప్రశ్న ఒక్కటే: మూడు నెలలు కాకుండా ఒక నెల కుదరదా? కుదరదని ఒప్పందం పేజీ తెరిచి చూపించాను. పొడిగింపు ఆమోదించారు. 16వ తేదీ ఉదయం ఉత్తరం పాత వెండర్‌కు చేరింది, అందినట్టు రసీదు తీసుకున్నాం.

టెస్టింగ్ వాతావరణం సెప్టెంబర్ 22న వచ్చింది, బ్యాంకు చెప్పిన రోజునే. పరీక్షలు నవంబర్ 4న ముగిశాయి. మర్నాడు కార్తీక పౌర్ణమి నాటి వాయిదాలు పాత సాఫ్ట్‌వేర్ మీదే వెళ్లాయి. డిసెంబర్ 5 వాయిదాలు కొత్తదాని మీద వెళ్లాయి, పాతదాన్ని జనవరి చివరి దాకా పక్కనే సిద్ధంగా ఉంచాం.